ఆడిటర్ సంతకానికి ముందున్న పేరా

2023 మే 30న అదానీ పోర్ట్స్ తన వార్షిక ఫలితాలు ప్రకటించింది. మన కృష్ణపట్నం, గంగవరం రేవులు నడుపుతున్నది ఈ కంపెనీయే. ఆ ఏడాది ఐదు వేల కోట్ల పైచిలుకు లాభం చూపింది, సరుకు రవాణా పెరిగింది, డివిడెండు ప్రకటించింది. ఫలితాలతో పాటు జతచేసిన ఆడిటర్ నివేదికను తెరిచి చూసినవాళ్లకు మాత్రం మొదటి పేజీలోనే ఒక శీర్షిక కనిపించింది: Basis for Qualified Opinion. దాని కింద ఆడిటర్ సంస్థ డెలాయిట్ మూడు లావాదేవీల గురించి రాసింది. అవి ఎవరితో జరిగాయో, ఆ పక్షాలకూ కంపెనీకీ అసలు సంబంధం ఏమిటో తేల్చుకోవడానికి తమకు చాలినంత ఆధారం దొరకలేదని ఆ రాతల సారాంశం.

క్వాలిఫైడ్ అంటే అర్హత సాధించినది అనుకుని ఊరట పడేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ దాని అర్థం దాదాపు తలకిందులు: లెక్కలు సరిగానే ఉన్నాయి, కానీ ఫలానా విషయాన్ని మినహాయించి. ఆ ఫలానా ఏమిటి, ఎంత పెద్దది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చాలామంది మదుపరులు వార్తల్లో ఈ మాట చూసి బెంబేలెత్తుతారు, లేకపోతే పట్టించుకోకుండా వదిలేస్తారు. మధ్యలో చేయవలసిన పని ఒకటుంది. ఆ పేరాను తెరిచి చదవడం. దానికి సీఏ చదవనక్కరలేదు.

ముందు ఆడిటర్ ఎవరో తెలియాలి. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయితే ఇది పెద్ద పని కాదు. nseindia.com లో గానీ bseindia.com లో గానీ కంపెనీ పేరు కొట్టి, Annual Reports అన్న విభాగంలోకి వెళితే సంవత్సరాల వారీగా వార్షిక నివేదికలు ఉంటాయి. నాలుగైదు వందల పేజీల పీడీఎఫ్. మొదటి సగం నిండా నవ్వు ముఖాలు, చెట్లు నాటిన ఫొటోలు, చైర్మన్ ఉత్తరం. వాటిని దాటుకుని పోవడానికి Ctrl+F నొక్కి Independent Auditor's Report అని వెతకండి. సాధారణంగా రెండు చోట్ల తగులుతుంది. ఒకటి కంపెనీ ఒక్కదాని లెక్కలకు, రెండోది అనుబంధ కంపెనీలన్నీ కలిపిన ఉమ్మడి లెక్కలకు. రెండూ చూడాలి. ఒక్కోసారి కంపెనీ సొంత నివేదిక శుభ్రంగా ఉండి, ఇబ్బందంతా ఉమ్మడి నివేదికలో ఉంటుంది.

నివేదిక చివర సంతకం ఉండే చోట కాసేపు ఆగండి. అక్కడ ఆడిట్ సంస్థ పేరు, దాని రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం చేసిన భాగస్వామి పేరు, ఆయన సభ్యత్వ సంఖ్య, ఊరు, తేదీ ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరులోని అక్షరం ప్రాంతాన్ని చెబుతుంది. మన తెలుగు రాష్ట్రాల సంస్థలకు S, ముంబై వైపు వాటికి W, ఢిల్లీ వైపు వాటికి N. సంతకం కింద యూడీఐఎన్ అనే పద్దెనిమిది అక్షరాల సంఖ్య కూడా ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి ఆరు ఆ సీఏ సభ్యత్వ సంఖ్య. ఆడిట్ నివేదికలకు 2019 జులై నుంచి ఇది తప్పనిసరి. నివేదిక నిజంగా ఆ సీఏ ఇచ్చిందేనా అన్న అనుమానం ఉంటే udin.icai.org లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. సీఏల పేరుతో దొంగ సంతకాలు, దొంగ ధ్రువపత్రాలు బ్యాంకులకు చేరుతుండటంతోనే ఈ ఏర్పాటు వచ్చింది. మీరు డబ్బు పెట్టబోయే చిన్న కంపెనీ ఏదైనా జిరాక్సు బ్యాలెన్స్ షీటు చేతిలో పెడితే, చేయవలసిన మొదటి పని ఇదే.

షేర్ మార్కెట్లో లేని కంపెనీ అయితే దారి వేరు. చిట్‌ఫండ్ కంపెనీలో చీటీ కడుతున్నారనుకోండి, బిల్డర్ దగ్గర ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోతున్నారనుకోండి. అది ప్రైవేట్ లిమిటెడో పబ్లిక్ లిమిటెడో అయితే దాని లెక్కలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర ఉండి తీరాలి. mca.gov.in లో లాగిన్ అయి, View Public Documents అన్న చోట కంపెనీకి వంద రూపాయలు చొప్పున కడితే ఆ కంపెనీ సమర్పించిన పత్రాలు చూడవచ్చు. వాటిలో మీకు కావలసినవి మూడు. ADT-1 అనే ఫారంలో ఆడిటర్ నియామకం ఉంటుంది, నియమించిన పదిహేను రోజుల్లో కంపెనీ దీన్ని దాఖలు చేయాలి. AOC-4 తో పాటు ఆ ఏడాది లెక్కలు, ఆడిటర్ నివేదిక ఉంటాయి. ADT-3 కనిపిస్తే ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశాడని అర్థం. రెండు మూడేళ్లుగా AOC-4 అసలు లేకపోతే అదీ సమాచారమే, కాస్త గట్టి సమాచారమే. అయితే భాగస్వామ్య సంస్థలు, సొంత వ్యాపారాలు, సహకార సంఘాలు ఈ పద్ధతిలోకి రావు. బోర్డు మీద ఎంటర్‌ప్రైజెస్ అనో అసోసియేట్స్ అనో రాసుకున్నవి చాలావరకు అటువంటివే. వాటి లెక్కలు ఈ సైట్లో దొరకవు.

ఇక అసలు సంగతి. లెక్కలు రాసేది ఆడిటర్ కాదు, కంపెనీ. ఆడిటర్ వాటిని పరీక్షించి, అవి కంపెనీ పరిస్థితిని నిజంగా, న్యాయంగా చూపుతున్నాయా లేదా అని అభిప్రాయం చెబుతాడు. అంతా సరిగా ఉందంటే దాన్ని శుభ్రమైన నివేదిక అంటారు. సరిగా లేదంటే ఆ సంగతిని మూడు రకాలుగా చెప్పవచ్చు. తప్పు పెద్దదే కానీ ఒకటి రెండు పద్దులకే పరిమితమైతే క్వాలిఫైడ్. తప్పు లెక్కలంతటా పాకి, మొత్తం చిత్రమే నమ్మదగ్గది కాకపోతే ప్రతికూల అభిప్రాయం. చూడవలసిన ఆధారాలే దొరక్క, ఏమీ చెప్పలేని స్థితి వస్తే అభిప్రాయం చెప్పడానికే నిరాకరణ. చివరి రెండూ అరుదు. మొదటిది మాత్రం తగులుతూనే ఉంటుంది, దాని గురించే మనకు తెలియాలి.

క్వాలిఫైడ్ అభిప్రాయాలు అన్నీ ఒకే జాతివి కావు. ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 705 ప్రకారం ఇవి రెండు కారణాల వల్ల పుడతాయి. మొదటిదానిలో ఆడిటర్ అన్నీ చూశాడు, చూశాక కంపెనీతో విభేదించాడు. రెండోదానిలో ఆడిటర్ చూడవలసింది చూడలేకపోయాడు. నివేదికలో ఈ తేడా ఒక్క మాటలో బయటపడుతుంది. విభేదం అయితే except for the effects అని ఉంటుంది. చూడలేకపోతే except for the possible effects అని రాస్తారు. తప్పు ఉందని ఒకటి చెబుతోంది. తప్పు ఉండవచ్చు, లేకపోవచ్చు, తెలుసుకునే వీలు మాకు లేదు అని రెండోది చెబుతోంది. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మొదటి దానికి అంకె ఉంటుంది, ఆ అంకెను తీసేసి లెక్క మళ్లీ వేసుకోవచ్చు. రెండోదానికి కింద నేల ఎక్కడుందో తెలియదు.

మొదటి రకాన్ని ఊహించిన ఉదాహరణతో చూద్దాం. ఒక నిర్మాణ కంపెనీ ఈ ఏడాది పన్నుకు ముందు 60 కోట్ల లాభం చూపింది. దాని నికర విలువ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే వాటాదారులకు మిగిలేది, 400 కోట్లు. బ్యాంకులకు 600 కోట్లు బాకీ ఉంది. ఆస్తుల పట్టికలో ఒక కాంట్రాక్టు సంస్థ నుంచి రావలసిన 90 కోట్లు ఉన్నాయి. ఆ సంస్థ ఈ సంవత్సరమే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ డబ్బు రాదని ఆడిటర్ అంటాడు, మొత్తానికీ కేటాయింపు చేయమంటాడు, అంటే నష్టంగా రాయమంటాడు. వస్తుందని యాజమాన్యం పట్టుబడుతుంది. ఇద్దరికీ కుదరలేదు. ఆడిటర్ నివేదికలో రాస్తాడు: ఈ 90 కోట్లకు కేటాయింపు చేయలేదు, చేసి ఉంటే లాభం, నికర విలువ ఆ మేరకు తగ్గేవి.

ఇప్పుడు పెన్ను తీసుకుని లెక్క వేయండి. 60 కోట్ల లాభం 30 కోట్ల నష్టం అవుతుంది. పన్ను సంగతి పక్కన పెడితే నికర విలువ 310 కోట్లకు దిగుతుంది. అప్పుకూ సొంత డబ్బుకూ ఉన్న నిష్పత్తి ఒకటిన్నర నుంచి దాదాపు రెండుకు చేరుతుంది. బ్యాంకు అప్పు ఒప్పందంలో ఆ నిష్పత్తి 1.75 దాటకూడదన్న షరతు ఉందనుకోండి. కంపెనీ ఎందుకంత పట్టుదలగా ఆ బాకీ వస్తుందని వాదించిందో అర్థమవుతుంది.

దీనికి ఒక కొనసాగింపు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. మరుసటి ఏడాది కూడా కంపెనీ ఆ 90 కోట్లను అలాగే ఉంచిందనుకుందాం. నష్టం పోయిన ఏడాదిది కాబట్టి, ఈ ఏడాది లాభంపై దాని ప్రభావం లేదు. నికర విలువ మాత్రం ఇంకా 90 కోట్లు ఎక్కువే చూపుతున్నారు. లాభం అంకె మాత్రమే చూసేవాళ్లకు సమస్య తీరిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది లాభనష్టాల ఖాతాలోంచి బ్యాలెన్స్ షీటులోకి మారింది, అంతే.

రెండో రకానికి అదానీ పోర్ట్స్ నివేదికను మించిన పాఠం ఈ మధ్య కాలంలో లేదు. 2023 జనవరి 24న హిండెన్‌బర్గ్ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ అదానీ గ్రూపు మీద పెద్ద నివేదిక బయటపెట్టింది. షేర్లు పడితే లాభపడేలా ముందే పందెం కాసే సంస్థ అది. బయటి సంస్థలుగా చూపుతున్న కొన్ని నిజానికి గ్రూపుకు సంబంధించినవేనని అందులోని ముఖ్య ఆరోపణల్లో ఒకటి. గ్రూపు అన్నీ ఖండించింది. కానీ మార్చి 31తో సంవత్సరం ముగిసింది, ఆడిటర్ సంతకం పెట్టాలి. సంబంధిత పక్షాలతో జరిపిన లావాదేవీలను లెక్కల్లో విడిగా వెల్లడించాలని నిబంధన. ఎవరు సంబంధిత పక్షమో తేలకపోతే ఆ వెల్లడింపు పూర్తిగా ఉందని ఆడిటర్ ఎలా అనగలడు?

డెలాయిట్ మూడు విషయాలు ఎత్తిచూపింది. మొదటిది, ఆ ఆరోపణల నివేదికలో ప్రస్తావనకు వచ్చిన పక్షంతో సంబంధమున్న ఒక కాంట్రాక్టు సంస్థకు ఇచ్చిన నిర్మాణ పనులు. ఆ సంస్థ నుంచి సంవత్సరాంతానికి సుమారు 3,750 కోట్లు రావలసి ఉంది. రెండోది, నివేదికలో పేర్కొన్న పక్షాలతో జరిగిన ఆర్థిక లావాదేవీలు. వాటిలో బాకీ ఏమీ మిగల్లేదని, ఆ పక్షాలు తమకు సంబంధించినవి కావని కంపెనీ చెప్పింది. మూడోది, మయన్మార్‌లోని కంటైనర్ టెర్మినల్ అమ్మకం. సైనిక ప్రభుత్వం మీద అమెరికా ఆంక్షల వల్ల అక్కడి నుంచి బయటపడాలని కంపెనీ నిర్ణయించుకుంది. మొదట అనుకున్న ధర కంటే చాలా తగ్గి, చివరకు 3 కోట్ల డాలర్లకు ఆస్తిని వదులుకుంది. 1,270 కోట్లకు పైగా నష్టం రాసుకుంది. కొన్నవాళ్లు తమకు సంబంధించినవాళ్లు కారని ఇక్కడ కూడా కంపెనీ మాట.

ఇక్కడ ఆడిటర్ రాసిన తర్కం గమనించండి. గ్రూపు తన తరఫున ఒక పరిశీలన జరిపించుకుంది. అది తమ ఆడిట్‌కు చాలిన ఆధారం కాదని డెలాయిట్ అంది. బయటి స్వతంత్ర సంస్థతో పరిశీలన అవసరం లేదని కంపెనీ భావించింది. దానికి గ్రూపు జరిపిన పరిశీలననూ, సెబీ దర్యాప్తు నడుస్తుండటాన్నీ కారణాలుగా చూపింది. స్వతంత్ర పరిశీలన లేదు, సెబీ దర్యాప్తు ముగియలేదు, కాబట్టి ఈ లావాదేవీల వల్ల లెక్కల్లో సవరణలు గానీ అదనపు వెల్లడింపులు గానీ అవసరమవుతాయో లేదో మేం చెప్పలేం అని ఆడిటర్ తేల్చాడు. మోసం జరిగిందని ఎక్కడా అనలేదు. ఆ మాట అనడానికీ, అనలేమని చెప్పడానికీ మధ్య ఉన్న దూరాన్ని మన టీవీ చర్చలు ఆ రోజుల్లో పెద్దగా గుర్తించలేదు. కంపెనీ సమర్థకులు మోసమని అనలేదుగా అన్నారు, విమర్శకులు అన్నట్టే లెక్క అన్నారు. పేరాలో ఉన్నది ఈ రెండూ కాదు.

మామూలు వాటాదారు ఇటువంటి చోట అడగవలసిన ప్రశ్నలు సూటిగానే ఉంటాయి. ఆధారం ఎందుకు దొరకలేదు? తుపానుకు గిడ్డంగి కొట్టుకుపోయి స్టాకు లెక్కించలేకపోతే అది ఒక రకం. విదేశీ అనుబంధ కంపెనీ లెక్కలు యుద్ధం వల్ల అందకపోతే అది ఇంకో రకం. ఆధారం తెప్పించడం కంపెనీ చేతిలోనే ఉండి, అవసరం లేదనుకుంటే అది వేరే సంగతి. చూడలేకపోయిన పద్దు లాభంతో పోలిస్తే ఎంత? ఐదు వేల కోట్ల లాభం ముందు 3,750 కోట్ల బాకీ చిన్న అంకె కాదు. తర్వాత, ఆ డబ్బు వచ్చిందా? ఈ మూడో ప్రశ్నకు జవాబు ఆ ఏడాది నివేదికలో ఉండదు. తర్వాతి ఏడాది పద్దుల్లో వెతుక్కోవాలి.

ఈ వెతుకులాటకు సెబీ ఒక మంచి పనిముట్టు ఇచ్చింది. నమోదైన కంపెనీకి శుభ్రంగా లేని నివేదిక వస్తే, వార్షిక ఫలితాలతో పాటు Statement on Impact of Audit Qualifications అనే పట్టిక సమర్పించాలి. ఒక గడిలో కంపెనీ ప్రకటించిన అంకెలు, పక్క గడిలో ఆడిటర్ అభ్యంతరాన్ని లెక్కలోకి తీసుకుంటే వచ్చే అంకెలు. మన ఊహా కంపెనీ విషయంలో పైన పెన్నుతో చేసిన పని ఇక్కడ కంపెనీయే చేసి పెట్టాలి. ప్రభావాన్ని అంకెల్లో చెప్పలేకపోతే యాజమాన్యం తన అంచనా ఇవ్వాలి. అంచనా కూడా వేయలేకపోతే ఎందుకో రాయాలి, దాని మీద ఆడిటర్ వ్యాఖ్య ఉండాలి. దీని మీద సీఈఓ లేదా మేనేజింగ్ డైరెక్టరు, ఆర్థిక విభాగం అధిపతి, ఆడిట్ కమిటీ అధ్యక్షుడు, ఆడిటర్ అందరూ సంతకం చేస్తారు.

ఆ పట్టికలో నేను ముందుగా చూసే గడి మాత్రం అంకెలది కాదు. ఈ అభ్యంతరం మొదటిసారి వచ్చిందా, మళ్లీ మళ్లీ వస్తోందా, ఎన్నాళ్లుగా కొనసాగుతోంది అని చెప్పే చిన్న వరుస ఒకటి ఉంటుంది. మొదటిసారి వచ్చిన అభ్యంతరం గొడవ కావచ్చు, భిన్నాభిప్రాయం కావచ్చు. నాలుగేళ్లుగా అదే పేరా, అదే బాకీ, అదే జవాబు ఉంటే, యాజమాన్యం ఆ డబ్బు రాదని తెలిసే దాన్ని ఆస్తిగా చూపుతోందేమోనన్న అనుమానం న్యాయమైనదే. డైరెక్టర్ల నివేదికలో ప్రతి అభ్యంతరానికీ వివరణ ఇవ్వాలని కంపెనీల చట్టం చెబుతుంది. ఆ వివరణలను రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చదవండి. కోర్టు కేసు పెండింగులో ఉంది, వసూలుకు ప్రయత్నాలు జరుగుతున్నాయి అన్న వాక్యాలు కామా కూడా మారకుండా కొనసాగుతుంటే, వాటిని రాసినవాళ్లే వాటిని నమ్మడం లేదు.

నివేదికలో హెచ్చరికలాగా కనిపించేవన్నీ క్వాలిఫికేషన్లు కావు. ఈ గందరగోళం తీరకపోతే చదువరి అనవసరంగా భయపడతాడు, లేదా అవసరమైనచోట భయపడడు. Emphasis of Matter అన్న శీర్షిక కింద ఉన్నది అభ్యంతరం కాదు. కంపెనీ తన వివరణల్లో సరిగానే చెప్పిన ఒక ముఖ్య విషయం వైపు ఆడిటర్ వేలు చూపడం అది. Key Audit Matters అంటే ఆడిటర్ ఎక్కువ శ్రమ పెట్టిన చోట్లు, నమోదైన ప్రతి కంపెనీకీ ఉంటాయి. Material Uncertainty Related to Going Concern అని ఉంటే మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చోండి. కంపెనీ వచ్చే ఏడాది నడుస్తుందా అన్నదే సందేహంలో ఉందని దాని అర్థం. సాంకేతికంగా అది క్వాలిఫికేషన్ కాకపోయినా, చాలా క్వాలిఫికేషన్ల కంటే బరువైనది. ముసాయిదా దశలో యాజమాన్యానికీ ఆడిటర్‌కూ జరిగే బేరం కూడా ఇక్కడే. అభ్యంతరంగా రాయబోయినదాన్ని కంపెనీ ఒక వివరణ జోడించి, ఉద్ఘాటన పేరాగా దించుకోవాలని చూస్తుంది. బ్యాంకులు, రేటింగ్ సంస్థలు మొదటిదానికే ఉలిక్కిపడతాయి కనుక. కొన్నిసార్లు ఆ దింపుడు న్యాయమే. అయినా ఉద్ఘాటన పేరాలను చదవకుండా దాటేయడం నా అలవాటు కాదు.

నివేదిక చివర అనుబంధంగా వచ్చే కారో ప్రశ్నావళి కూడా ఉంది. పీఎఫ్, జీఎస్టీ సమయానికి కట్టారా, అప్పు కిస్తీలు ఎగ్గొట్టారా వంటి వాటికి ఆడిటర్ ఒక్కొక్కటిగా జవాబిస్తాడు. పెద్ద ఇబ్బందులకు తొలి ఆనవాళ్లు తరచు అక్కడ కనిపిస్తాయి.

ఇంతా చెప్పాక, శుభ్రమైన నివేదిక అంటే భయం లేదని కాదు. హైదరాబాదుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్‌కు ఏళ్ల తరబడి ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్‌గా ఉంది, నివేదికలు శుభ్రంగా వచ్చాయి. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడినప్పుడు, కంపెనీ చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని తేలింది. బ్యాంకులో ఉన్న డబ్బును సరిచూడటం ఆడిట్‌లో అన్నిటికంటే తేలికైన పని. బ్యాంకు నుంచి నేరుగా తమకే ధ్రువీకరణ పంపమని ఆడిటర్ అడగాలి, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితం మీద ఆధారపడకూడదు. అక్కడ ఆ తేలిక పనే సరిగా జరగలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు. కాబట్టి అభ్యంతరం రాసిన ఆడిటర్ కనీసం అడగవలసిన ప్రశ్న అడిగాడని గుర్తుంచుకోవాలి. ఏ ప్రశ్నా లేని నివేదిక వెనుక మంచి లెక్కలు ఉండవచ్చు, అడగని ఆడిటరూ ఉండవచ్చు. ఆ రెండింటినీ వేరు చేయడానికి నివేదిక ఒక్కటే చాలదు. ఆడిట్ సంస్థ పేరును 2018లో ఏర్పడిన జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ, తన సైటు nfra.gov.in లో పెట్టే ఉత్తర్వుల్లో వెతికి చూడవచ్చు. పనిలో లోపాలున్న ఆడిటర్లకు వేసిన జరిమానాలు, నిషేధాలు, వాటి కారణాలతో సహా అక్కడ ఉంటాయి.

ఆడిటర్ వెళ్లిపోవడం కూడా ఒక రకమైన అభిప్రాయమే. చట్టం ప్రకారం కంపెనీ ఆడిట్ సంస్థను ఒక్కోసారి ఐదేళ్లకు నియమిస్తుంది. నమోదైన కంపెనీలో ఒక సంస్థ వరుసగా పదేళ్లకు మించి ఉండకూడదు. గడువు తీరాక మారితే అందులో వార్త లేదు. మధ్యలో మానేస్తే ఉంది. 2018 మేలో పండ్ల రసాల కంపెనీ మన్‌పసంద్ బెవరేజెస్ వార్షిక ఫలితాలు ప్రకటించడానికి కొద్ది రోజుల ముందు డెలాయిట్ తప్పుకుంది, అడిగిన సమాచారం ఇవ్వలేదంటూ. అభ్యంతరం రాసిన నివేదిక అయితే వాటాదారుకు కనీసం ఒక పేరా చేతికి వచ్చేది. ఇలాంటి నిష్క్రమణలు వరుసగా జరిగాక 2019 అక్టోబరులో సెబీ నిబంధన బిగించింది. త్రైమాసికం ముగిసి 45 రోజులు దాటాక రాజీనామా చేసే ఆడిటర్ ఆ త్రైమాసికంతో పాటు తర్వాతి దాని నివేదిక కూడా ఇచ్చే వెళ్లాలి. ఆర్థిక సంవత్సరంలో మూడు త్రైమాసికాల నివేదికలు ఇచ్చి ఉంటే చివరిదీ, వార్షిక ఆడిటూ పూర్తి చేయాలి. కారణాలను కంపెనీ ఎక్స్ఛేంజీలకు తెలపాలి.

అదానీ పోర్ట్స్‌లో జరిగింది కూడా ఇదే వరుస. డెలాయిట్ 2017 నుంచి అక్కడ ఆడిటర్. 2022లో మరో ఐదేళ్లకు నియమితమైంది. 2023 మేలో అభ్యంతరం రాసి, ఆగస్టు 12న రాజీనామా చేసింది. గ్రూపులోని మిగతా కంపెనీల్లో చాలావాటికి తాము ఆడిటర్లం కాకపోవడాన్ని కారణంగా చూపింది. ఆ కారణం నమ్మదగినట్టుగా లేదని కంపెనీ బదులిచ్చింది. ఎమ్‌ఎస్‌కేఏ అండ్ అసోసియేట్స్ కొత్త ఆడిటర్‌గా వచ్చింది. ఆ రాజీనామా వెనుక నిజంగా ఏముందో బయటివాళ్లం ఊహించుకోవచ్చు, అంతకు మించి ఏమీ చేయలేం. 2025 సెప్టెంబరు 18న సెబీ తన ఉత్తర్వుల్లో, కొన్ని సంస్థల ద్వారా గ్రూపు కంపెనీల మధ్య డబ్బు మళ్లించారన్న హిండెన్‌బర్గ్ ఆరోపణలు నిలబడలేదని తేల్చింది. ఆ సంస్థలతో జరిగిన లావాదేవీలు అప్పటి నిబంధనల ప్రకారం సంబంధిత పక్షాల లావాదేవీల కిందికి రావని చెప్పింది. దీన్నిబట్టి 2023లో ఆడిటర్ తప్పు రాశాడని అనలేం. సంతకం పెట్టే రోజున చేతిలో ఉన్న ఆధారం చాలిందా లేదా అన్నదే ఆడిటర్ ముందున్న ప్రశ్న. రెండేళ్ల తర్వాత నియంత్రణ సంస్థ ఏం తేలుస్తుందన్నది కాదు.

ఒక్క షేరు ఉన్నవాళ్లకూ ఇక్కడ ఒక హక్కు ఉంది. కంపెనీ పనితీరుపై చెడు ప్రభావం చూపే ఆడిటర్ అభ్యంతరాలను వార్షిక సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలని కంపెనీల చట్టం 145వ సెక్షన్ చెబుతుంది. ఆడిటర్ స్వయంగా గానీ అర్హుడైన ప్రతినిధి ద్వారా గానీ ఆ సమావేశానికి రావాలని 146వ సెక్షన్ అంటుంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఈ సమావేశాలను వీడియో ద్వారా జరుపుతున్నాయి. నోటీసులో మాట్లాడదలచిన వాటాదారులు పేరు నమోదు చేసుకునే ఈమెయిలు, గడువు తేదీ ఉంటాయి. నెల్లూరులోనో నిజామాబాదులోనో ఇంట్లో కూర్చుని, ఆ 90 కోట్లలో ఈ ఏడాది ఎంత వసూలైందని అడగవచ్చు.